లెక్కలోంచి జారిపోయిన ఆరుగురు

2020 మార్చి 20న ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నుంచి ఒక చిన్న రీసెర్చ్ పేపర్ ఆన్‌లైన్‌లోకి వచ్చింది. దిదియే రావుల్ బృందం రాసిన ఆ పేపర్ సారాంశం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే వైరస్ త్వరగా పోతోంది. దానికి అజిత్రోమైసిన్ కూడా కలిపితే ఇంకా బాగా పోతోంది. మర్నాడే అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఈ రెండు మందుల జోడీని ఆకాశానికెత్తారు. ఆ తర్వాతి రోజు మన ఐసీఎంఆర్, వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడొచ్చని సలహా ఇచ్చింది. ఈ పరిణామాలన్నిటికీ ఆ ఒక్క పేపరే కారణమని అనలేం. కానీ కీళ్లవాతానికీ లూపస్‌కూ రోజూ ఆ మాత్ర వేసుకునేవాళ్లకు అది దొరకని రోజులు వచ్చిన మాట నిజం.

ఆ పేపర్ అసలు ఏం రుజువు చేసింది? దీనికి జవాబు దొరకాలంటే వైరాలజీ చదివి ఉండనక్కర్లేదు. పేపర్‌ను ఏ వరసలో చదవాలో తెలిస్తే చాలు.

ముందు నుంచి కాదు, మధ్య నుంచి

వైద్య పేపర్లన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ముందు అబ్‌స్ట్రాక్ట్, తర్వాత ఇంట్రడక్షన్, మెథడ్స్, రిజల్ట్స్, చివర డిస్కషన్. వీటిలో ఇంట్రడక్షన్, డిస్కషన్ రచయితల వాదన. అబ్‌స్ట్రాక్ట్ ఆ వాదనకు కుదింపు. ఎవరి మీద ఏం చేశారన్నది మెథడ్స్‌లో ఉంటుంది, ఏం కనబడిందన్నది రిజల్ట్స్‌లోనూ టేబుళ్లలోనూ ఉంటుంది. పత్రికల్లో వచ్చే వార్త మాత్రం ఎక్కువగా అబ్‌స్ట్రాక్ట్‌లోని ఆఖరి వాక్యం నుంచే పుడుతుంది. అందుకే అనుభవమున్న పాఠకుడు టైటిల్ చూశాక నేరుగా మెథడ్స్‌కు వెళ్తాడు. డిస్కషన్‌ను అన్నిటికంటే ఆఖరున చదువుతాడు.

ఈ పేపర్‌కు టైటిల్‌లోనే రెండు ఆనవాళ్లు ఉన్నాయి. ఇది ఓపెన్ లేబుల్ అధ్యయనమనీ, రాండమైజ్ చెయ్యనిదనీ రచయితలే అక్కడ చెప్పారు. ఓపెన్ లేబుల్ అంటే ఎవరికి మందు అందుతోందో డాక్టరుకూ రోగికీ తెలుసు. రాండమైజ్ చెయ్యలేదంటే మందు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో చీటీ తీసి నిర్ణయించలేదు. మరి ఎలా నిర్ణయించారు? మెథడ్స్‌లో వెతకాల్సిన మొదటి ప్రశ్న అదే.

మందు తీసుకున్నవాళ్లు మార్సెయ్ ఆసుపత్రిలో చేరినవాళ్లు. పోల్చడానికి పెట్టుకున్న కంట్రోల్ గ్రూపులో కొందరు ఇతర కేంద్రాల రోగులు, మరికొందరు మార్సెయ్‌లోనే ఉండి ఈ చికిత్స వద్దన్నవాళ్లు. మందు తీసుకున్నవాళ్ల సగటు వయసు 51 ఏళ్లు, కంట్రోల్ గ్రూపుది 37 ఏళ్లు. ఆసుపత్రి వేరు, వయసు వేరు, పరీక్ష చేసే విధానం కూడా వేరు. మార్సెయ్ రోగుల టేబుల్‌లో వైరస్ మోతాదును సూచించే అంకెలున్నాయి. కంట్రోల్ గ్రూపులో చాలామందికి ‘పాజిటివ్’, ‘నెగటివ్’ అన్న మాటలే ఉన్నాయి. కొన్ని గళ్లలో ‘ND’ అని ఉంది, అంటే ఆ రోజు పరీక్షే జరగలేదు. ఇన్ని తేడాలున్న రెండు గుంపుల ఫలితాల్లో తేడా వస్తే అది మందు వల్లే వచ్చిందని తేల్చే దారి లేదు. రాండమైజేషన్ చేసే పని అదే. తెలిసిన తేడాలనూ తెలియని తేడాలనూ రెండు వైపులకూ ఇంచుమించు సమంగా పంచుతుంది.

మెథడ్స్‌లో రెండో ప్రశ్న, దేన్ని కొలిచారు అన్నది. దీన్ని ప్రైమరీ ఎండ్‌పాయింట్ అంటారు. ఇక్కడ అది ఆరో రోజున ముక్కు లోపలి నుంచి తీసిన స్వాబ్‌లో వైరస్ ఉందా లేదా అన్నది. రోగి కోలుకున్నాడా, ఆక్సిజన్ అవసరమైందా, బతికాడా అన్నవి కావు. ఈ తేడా ఎంత పెద్దదో కాసేపట్లో ఒక రోగి విషయంలో కనబడుతుంది.

48, 42, 36

ఇక శాంపిల్ సైజు. దీన్ని ఒకే అంకె అనుకుంటే పొరపాటు. ప్రతి పేపర్‌లోనూ కనీసం మూడు అంకెలు వెతకాలి. ఎంతమంది కావాలని ముందే లెక్క వేసుకున్నారు, ఎంతమందిని చేర్చుకున్నారు, చివరి లెక్కలో ఎంతమంది మిగిలారు.

మందు వైరస్‌ను సగానికి సగం తగ్గిస్తుందనే ఊహతో, కొందరు మధ్యలో మానేస్తారన్న అంచనా కూడా కలుపుకుని, గ్రూపుకు 24 మంది చొప్పున 48 మంది కావాలని రచయితలు లెక్క వేశారు. చేర్చుకున్నది 42 మందిని. 26 మందికి మందు ఇచ్చారు, 16 మంది కంట్రోల్ గ్రూపు. ఫలితాలు ప్రకటించింది మాత్రం 36 మంది మీద. మందు వైపు 20, కంట్రోల్ వైపు 16.

కంట్రోల్ వైపు ఒక్కరూ తగ్గలేదు. తగ్గిన ఆరుగురూ మందు వైపు వాళ్లే. ఏ పేపర్‌లోనైనా ఈ తీసివేత కనబడితే అక్కడ ఆగి, వాళ్లు ఎందుకు వెళ్లిపోయారో చదవాలి. దాచిపెట్టిందేమీ లేదు, రిజల్ట్స్ మొదట్లోనే రాశారు. ముగ్గురిని ఐసీయూకి తరలించారు. ఒకరు మూడో రోజున చనిపోయారు. ఒకరు మూడో రోజున ఆసుపత్రి వదిలి వెళ్లారు. ఒకరు వికారం వల్ల మందు మానేశారు.

అంటే చికిత్స తీసుకుంటూ పరిస్థితి విషమించిన నలుగురు, ఆరో రోజు స్వాబ్ లేదన్న కారణంతో లెక్కకు బయటే ఉండిపోయారు. చనిపోయిన రోగికి అంతకు ముందు రోజు తీసిన స్వాబ్‌లో వైరస్ కనబడలేదు. స్వాబ్‌నే గెలుపుగా లెక్కిస్తే ఆ పరీక్ష గెలిచినట్టే, రోగి మాత్రం లేడు. ఎండ్‌పాయింట్ దేన్ని కొలుస్తోందో ముందే చూడమనేది ఇందుకే.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని లెక్క మళ్లీ వేద్దాం. పేపర్ ప్రకారం ఆరో రోజుకి వైరస్ కనబడనివాళ్లు మందు వైపు 20 మందిలో 14 మంది, అంటే 70 శాతం. కంట్రోల్ వైపు 16 మందిలో ఇద్దరు, అంటే 12.5 శాతం. మొదలుపెట్టిన అందరినీ చివరి దాకా లెక్కలో ఉంచడం క్లినికల్ ట్రయల్స్‌లో ఉన్న పద్ధతి. ఆ ఆరుగురిలో ఎవరికీ మందు పనిచెయ్యలేదనుకుంటే 26 మందిలో 14, అంటే 54 శాతం. ఒక్క కింది అంకె మారేసరికి 70 కాస్తా 54 అయింది. తేడా పూర్తిగా పోలేదు, కానీ ఆ మిగిలిన తేడా కూడా వయసులోనూ ఆసుపత్రిలోనూ పరీక్షలోనూ సరిపోలని రెండు గుంపుల మధ్యది.

ఇదే నిక్కచ్చిని రెండో వైపుకూ చూపించాలి. ఐసీయూకి వెళ్లినవాళ్లు, చనిపోయినవాళ్లు మందు వైపు 26 మందిలో నలుగురు, కంట్రోల్ వైపు సున్నా. కాబట్టి మందే ప్రాణం తీసిందా? అలా అనడానికీ ఆధారం చాలదు. 42 మందిలో ఏ నలుగురికైనా విషమించేదే అనుకుంటే, ఆ నలుగురూ కేవలం యాదృచ్ఛికంగా 26 మంది ఉన్న వైపే పడే అవకాశం నూటికి 13. పైగా మందు వైపు వాళ్లు వయసులో పెద్దవాళ్లు. చిన్న శాంపిల్ మంచినీ రుజువు చెయ్యలేదు, చెడునూ రుజువు చెయ్యలేదు.

ఆరుకు ఆరు

ఆ పేపర్‌లో అందరినీ ఊరించిన అంకె 100 శాతం. రెండు మందులూ కలిపి తీసుకున్నవాళ్లలో ఆరో రోజుకి అందరికీ వైరస్ పోయింది. శాతం కనబడగానే అది ఎంతమందిలో అని అడగాలి. ఇక్కడ ఆరుగురిలో. ఆరుకు ఆరు వచ్చిందంటే అసలు సామర్థ్యం 54 శాతం నుంచి 100 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చని గణాంకశాస్త్రం చెబుతుంది. అంత వెడల్పైన అంచనాను 100 అన్న ఒక్క అంకెగా చెప్పడంలోనే మోసపోయే వీలుంది. ఆ ఆరుగురినీ చీటీ తీసి ఎంచలేదు. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ రాకుండా అజిత్రోమైసిన్ ఎవరికి ఇవ్వాలన్నది డాక్టర్ల నిర్ణయం. వీళ్లలో ఒకరికి ఎనిమిదో రోజున మళ్లీ కొద్దిగా వైరస్ కనబడిందని కూడా పేపర్‌లోనే ఉంది. అబ్‌స్ట్రాక్ట్‌లోకి ఆ సంగతి రాలేదు.

ఇంత చదివాక డిస్కషన్‌కు వెళ్లాలి. శాంపిల్ చిన్నదని అక్కడ ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే వైరస్‌ను వదిలించడానికి ఈ రెండు మందుల జోడీతో చికిత్స చెయ్యమని సిఫారసు చేశారు. పరిమితులు చెప్పిన చోటా, సిఫారసు చేసిన చోటా గొంతు ఒకేలా ఉందో లేదో గమనించాలి. మెథడ్స్ అనుమతించే ముగింపు ఇంతే: ‘ఒక ఆసుపత్రిలో ఈ మందు తీసుకుని ఆరో రోజు దాకా అక్కడే మిగిలిన 20 మందిలో, ఈ మందు తీసుకోని, వయసులో చిన్నవాళ్లైన రోగులతో పోలిస్తే, స్వాబ్‌లో వైరస్ తక్కువమందికి కనబడింది.’ దీని ఆధారంగా ఒక సరైన ట్రయల్ చెయ్యొచ్చు. చికిత్సా విధానాన్ని మార్చకూడదు.

మొదటి పేజీలోని చిన్న అక్షరాలనూ చూడాలి. ఈ పేపర్ మార్చి 16న జర్నల్‌కు అందింది, 17న ఆమోదం పొందింది. రచయితల్లో ఒకరు ఆ జర్నల్‌కే ముఖ్య సంపాదకుడు. రోగులను చేర్చుకునేనాటికి ఎథిక్స్ అనుమతి వచ్చిందో లేదో తేలలేదన్నది సహా పలు కారణాలతో 2024 డిసెంబరులో పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. రచయితల్లో ముగ్గురు కూడా పద్ధతి మీద అభ్యంతరం చెప్పారు.

అవే ప్రశ్నలు, మరో పేపర్

అదే మందును బ్రిటన్‌లో రికవరీ అనే ట్రయల్ పరీక్షించింది. అవే ప్రశ్నలు దానికీ వెయ్యొచ్చు. గుంపులు ఎలా చేశారు? రాండమైజ్ చేశారు. దేన్ని కొలిచారు? 28 రోజుల్లో మరణాన్ని. ఎంతమంది? హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్నవాళ్లు 1,561 మంది, మామూలు చికిత్స పొందినవాళ్లు 3,155 మంది. చనిపోయినవాళ్లు మొదటి వైపు 421, అంటే 27 శాతం. రెండో వైపు 790, అంటే 25 శాతం.

ఇక్కడా తొందర పనికిరాదు. రెండు శాతం తేడా చూసి మందు హాని చేసిందని రాస్తే మార్సెయ్ తప్పే ఇంకోవైపు నుంచి చేసినట్టు. మరణాల నిష్పత్తి 1.09 అనీ, అసలు విలువ 0.97 నుంచి 1.23 మధ్య ఉండొచ్చనీ పేపర్ చెబుతుంది. ఆ హద్దుల మధ్యలో 1 ఉంది, అంటే తేడా లేకపోవడానికీ వీలుంది. మందు మరణాలను చెప్పుకోదగ్గంతగా తగ్గించే అవకాశం మాత్రం ఆ హద్దుల్లో లేదు. అందుకే రచయితలు ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగుల్లో ఈ మందు మరణాలను తగ్గించలేదని మాత్రమే రాశారు. ఆరోగ్యంగా ఉన్న నర్సు ముందుజాగ్రత్తగా వేసుకుంటే ఏమవుతుందన్నది ఈ ట్రయల్ అడగని ప్రశ్న. దానికి జవాబు ఈ పేపర్‌లో వెతకకూడదు, వేరే ట్రయల్ చూడాలి.