వికటకవిలో చేతి నరాలు

అనాటమీ పరీక్షలో బ్రాకియల్ ప్లెక్సస్ బొమ్మ గీయమంటే, ఏ గీత దేనితో కలవాలో తేలక చాలామంది సగంలోనే ఆగిపోతారు. అందుకే మా తరగతిలో బొమ్మకంటే ముందు ‘వికటకవి’ అని రాయిస్తాను. ఎటునుంచి చదివినా ఒకటే మాట. మెడనుంచి చేతికి వెళ్లే నరాలు కూడా అయిదు మజిలీలు దాటతాయి: రూట్లు 5, ట్రంకులు 3, డివిజన్లు 6, కార్డులు 3, చివరి బ్రాంచీలు 5. వి అంటే 5, క అంటే 3, ట అంటే 6. నడిమధ్యన ఉన్న ‘ట’ కాలర్ ఎముక వెనక ఉంటుంది. దానికి ముందువి మెడలో, తర్వాతవి చంకలో.

ఇప్పుడు గీయండి. సి5, సి6 కలిస్తే పై ట్రంకు. సి8, టి1 కలిస్తే కింది ట్రంకు. సి7 తోడెవరూ లేకుండా మధ్య ట్రంకవుతుంది. ఒక్కో ట్రంకు ముందుపాయ, వెనకపాయగా చీలుతుంది. పిల్లలు తడబడేది ఇక్కడే. వెనకపాయలు మూడూ ఒక్కటై పోస్టీరియర్ కార్డు అవుతాయి, ఎందుకంటే చేతిని చాచే కండరాలన్నీ దానివే. ముందుపాయల్లో పైవి రెండూ లాటరల్ కార్డుగా, కిందిది ఒక్కటీ మీడియల్ కార్డుగా సాగుతాయి. ఈ రెండు కార్డులూ చెరి రెండుగా చీలి, లోపలి పాయలు కలిసి మీడియన్ నరమవుతుంది. ఇంగ్లీషు ‘ఎం’ అక్షరం తయారైనట్టే. దాని అంచుల్లో ఒకపక్క మస్క్యులోక్యుటేనియస్, మరోపక్క అల్నార్. పోస్టీరియర్ కార్డునుంచి యాక్సిలరీ, రేడియల్.

ప్రసవంలో భుజం ఇరుక్కున్న ఒక పసిబిడ్డను చూద్దాం. చెయ్యి ఒంటికి ఆనుకుని లోపలికి తిరిగి వేలాడుతోంది, మోచెయ్యి వంగడం లేదు, కానీ వేలు పెడితే గట్టిగా పట్టుకుంటోంది. భుజం లేపేది యాక్సిలరీ, మోచెయ్యి వంచేది మస్క్యులోక్యుటేనియస్. ఒకటి పోస్టీరియర్ కార్డుది, ఇంకొకటి లాటరల్‌ది. రెండు చోట్ల దెబ్బ తగిలిందా? బొమ్మలో వెనక్కి నడవండి: రెండు దారులూ పై ట్రంకులో కలుస్తాయి. దెబ్బ ఒక్కటే. పట్టు నిలిచిందంటే కింది ట్రంకు బాగున్నట్టు. దీన్నే అర్బ్స్ పాల్సీ అంటారు.

వికటకవి లెక్కలో పక్కకొమ్మలు రావు. చెయ్యి లోపలికి తిరగడానికి ఒక కారణమైన సుప్రాస్కాపులర్ నరం పై ట్రంకునుంచే బయల్దేరుతుంది. దాన్ని విడిగా గీసి నేర్చుకోవాల్సిందే. బిడ్డ వేళ్లు కూడా పట్టు తప్పి, అటువైపు కనురెప్ప కాస్త వాలి, కనుపాప చిన్నదైతే మాత్రం బొమ్మ కింది అంచు చూడండి: కంటికి వెళ్లే సన్నని తంతువులు టి1 వెంటే బయటికి వస్తాయి గనక, దెబ్బ వెన్నుపాముకు చేరువలోనే ఉండొచ్చు.