డేట్ ముందు వారం ఆకలి

పంజాగుట్టలో నా గదికి సలహా కోసం వచ్చేవాళ్లలో చాలామంది అమీర్‌పేట లేడీస్ హాస్టళ్ల అమ్మాయిలే. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోచింగులు, నలుగురు పంచుకునే గది, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఆశలు. వీళ్లు చెప్పుకునే బాధ ఇంచుమించు ఒక్కటే. "మేడమ్, కొన్నాళ్లు పద్ధతిగా తింటాను. ఆ తర్వాత ఏమవుతుందో తెలీదు, కనిపించిందల్లా తినేస్తాను." ఆ 'తర్వాత' ఏ తేదీకి మొదలవుతుందమ్మా అని అడిగితే జవాబుండదు. డైటీషియన్‌గా నా పనిలో సగం ఆ తేదీ పట్టుకోవడమే.

నెలసరి మొదలైన రోజు నుంచి అండం విడుదలయ్యేదాకా ఈస్ట్రోజెన్ పెరుగుతూ పోతుంది. అది ఆకలిని కాస్త అణిచి ఉంచుతుంది. నెల మొత్తంలో ఆడవాళ్లు తక్కువ తినేది అండం విడుదలయ్యే ఆ రెండు మూడు రోజుల్లోనే. ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ రాజ్యం. ఒంటి ఉష్ణోగ్రత అర డిగ్రీ లోపు పెరుగుతుంది, దాంతోపాటు ఆకలీ పెరుగుతుంది. డేట్ వచ్చాక ఒకటి రెండు రోజుల్లో రెండూ దిగిపోతాయి. "వేడి చేసిందే, ఆవకాయ మానెయ్" అని ఫోన్లో అమ్మలు అంటుంటారు. ఒళ్లు కొంచెం వేడెక్కే మాట నిజమే గానీ అందులో ఆవకాయ తప్పేమీ లేదు.

ఈమధ్య ఒకమ్మాయి వచ్చింది. గ్రూప్స్‌కి చదువుతోంది. 14వ రోజు తర్వాత ఆకలి పెరుగుతుందని ఫోన్లో చదివిందట. తనకేమో 22, 23వ రోజు దాటాక గానీ మొదలు కాదు. కాబట్టి ఇది హార్మోన్ల పని కాదు, తన నోటికే అదుపు లేదని తీర్పు చెప్పేసుకుంది. నిన్న రాత్రి మెస్‌లో మూడోసారి అన్నం పెట్టించుకుంటే పక్కమ్మాయి అదోలా చూసిందని కళ్లనీళ్లు పెట్టుకుంది.

చిక్కంతా ఆ 14 దగ్గరే ఉంది. 28 రోజులకోసారి డేట్ వచ్చేవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. ఈ అమ్మాయికి 34, 35 రోజులకు గానీ రాదు. ఒకరికీ మరొకరికీ, ఒక నెలకీ మరో నెలకీ ఎక్కువగా మారేది మొదటి సగమే. రెండో సగం చాలామందిలో రెండు వారాలు, ఓ రెండు మూడు రోజులు అటూ ఇటూ. అందుకే ముందు నుంచి కాకుండా రాబోయే డేట్ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. 34లోంచి 14 తీసేస్తే 20. అక్కడి నుంచి రెండు మూడు రోజులకు ఆకలి మొదలైందంటే ఆ పిల్ల ఒళ్లు గడియారంలా పనిచేస్తోందన్నమాట.

నేను చెబితే నమ్మడం ఎందుకని తన చేతే రాయించాను. గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో డేట్ వచ్చిన రోజుకు సున్నా చుట్టాలి. రోజూ సాయంత్రం ఆరింటికి, ఏమీ తినకముందు, ఆ గడిలో ఒక అంకె వెయ్యాలి. ఆకలి లేకపోతే 0, మామూలుగా ఉంటే 1, గట్టిగా ఉంటే 2, ఆగలేకపోతే 3. రెండు నెలసరులు ఇలా రాయాలి. ఒక్క నెలను నమ్మడానికి లేదు. జ్వరమో, పరీక్షో, పెళ్లి భోజనమో లెక్క పాడుచేస్తుంది.

రెండు నెలసరులయ్యాక క్యాలెండర్ తెచ్చి చూపించింది. మొదటి మూడు వారాలూ ఒకట్లు, అక్కడక్కడా సున్నాలు. 23వ రోజు నుంచి మూడులు వరసకట్టాయి. డేట్ వచ్చిన మర్నాటికి మళ్లీ ఒకటి. రెండో నెలా అంతే. ఆ మూడుల పక్కన ఆ రోజు ఏం తిన్నదో రాయమన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. పొద్దున ఏడింటికి క్లాసు, హాస్టల్లో టిఫిన్ ఎనిమిదింటికి. అంటే టిఫిన్ లేదు. ఒంటిగంటకు బాక్సులో చల్లారిన అన్నం, నీళ్లపప్పు. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు. నెల మొదట్లో ఈ ఖాళీ ఎలాగో గడిచిపోతుంది. చివరి పది రోజుల్లో గడవదు. సరిగ్గా సాయంత్రం ఆ ఆకలి వేళకే క్లాసు వదులుతారు, సందు మలుపులో మిర్చిబజ్జీ బండి మీద నూనె కాగుతూ ఉంటుంది.

పెరిగే ఆకలి నిజానికి ఎంతో ఉండదు. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2024లో వచ్చింది. రెండో సగంలో సగటున రోజుకు సుమారు 170 కేలరీలు ఎక్కువ తింటారని తేల్చింది. పెద్దగా శారీరక శ్రమ లేని ఆడవాళ్లకు రోజుకు 1,660 కేలరీలు కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అందులో ఇది పదోవంతు. ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండుతో సరిపోతుంది. దీన్ని ఆపాలని పస్తుంటేనే సాయంత్రానికి రెండు ప్లేట్ల బజ్జీ అవుతుంది. ఆ వారంలో తూకం ఒక కిలో పెరిగితే భయపడేవాళ్లకూ ఇదే చెబుతాను. పది రోజులు రోజుకు 170 ఎక్కువ తిన్నా మహా అయితే పావుకిలో లోపు కొవ్వు. మిగతాది ఒంట్లో నిలిచిన నీరు, డేట్ తర్వాత పోతుంది.

ఆకలిని హార్మోన్లు పెంచినా, ఏం తినాలనిపిస్తుందన్నది చాలావరకు ఊరే నేర్పుతుంది. అమెరికా అమ్మాయిలకు ఆ రోజుల్లో చాక్లెట్ మీదికి మనసు పోతుంది. ఇతర దేశాల్లో పుట్టి అక్కడికి వెళ్లినవాళ్లలో అది తక్కువని పరిశోధకులు గమనించారు. ఒంట్లో మెగ్నీషియం తగ్గి చాక్లెట్ అడుగుతుందనే మాట బాగా ప్రచారంలో ఉంది గానీ, అదే నిజమైతే నువ్వులూ గుమ్మడి గింజలూ తినాలనిపించాలి. అలా ఎవరూ వచ్చి చెప్పలేదు నాకు.

ఆ అమ్మాయికి బజ్జీ మానమని చెప్పలేదు. ఏడింటి క్లాసుకు ముందు గుడ్డు, అరటిపండు. అయిదింటికి గుప్పెడు వేయించిన పల్లీలు. తర్వాతి నెలసరిలో మూడులు చాలావరకు రెండయ్యాయి. ఒకటి కాలేదు, కానక్కర్లేదు కూడా.

మామూలు కానివీ ఇదే క్యాలెండర్‌లో కనిపిస్తాయి. అంకెలు నెలంతా మూడుగా ఉండి, దాహం వేస్తూ, మనిషి చిక్కిపోతుంటే షుగర్, థైరాయిడ్ చూపించుకోవాలి. పచ్చి బియ్యం, బలపాలు, ఐసుముక్కలు తినాలనిపించడం డేట్‌తో సంబంధం లేకుండా సాగుతుంటే రక్తం తక్కువగా ఉందేమో పరీక్ష చేయించాలి. తెలంగాణలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆపలేక దాచుకుని తినడం, తిన్నది కక్కేయడం, డేట్ ముందు వారమల్లా చదువూ పనీ ఆగిపోయేంత దిగులు ఉంటే క్యాలెండర్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డైటీషియన్‌తో తీరేది కాదది.

హాస్టళ్లు నడిపే అక్కలకు, అన్నలకు ఒక విన్నపం. ఏడింటి క్లాసుకు వెళ్లే పిల్లల కోసం ఆరున్నరకే ఉడికించిన గుడ్లు సిద్ధంగా పెట్టండి. సాయంత్రం అయిదున్నరకు గిన్నెడు గుగ్గిళ్లు హాల్లో ఉంచండి. మూడోసారి అన్నం అడిగిన పిల్లకు ఏమీ అనకుండా పెట్టండి.