కింద ఎవరున్నారు?

డైరెక్టరు అడిగింది చిన్న షాటే. తెనాలిలో కాలవ పక్క బజారు, టీ కొట్టు ముందు హీరో. డ్రోన్ కెమెరా అతని నెత్తిమీంచి లేచి డాబాలు దాటి 40 మీటర్ల ఎత్తుకు పోవాలి. తెరమీద కొన్ని సెకన్లుంటుంది. దానికి నేను ముందు చేసేది కాగితాల పని.

అనుమతుల సంగతి త్వరగానే తేలుతుంది. 2021 డ్రోన్ రూల్స్ ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా విడదీశాయి. విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపు నేలనుంచే పసుపు, అంటే ఏటీసీ ఒప్పుకోవాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 60 మీటర్ల దాకా ఆకుపచ్చ, ఆ అవతల 120 మీటర్ల దాకా. గన్నవరానికి తెనాలి చాలా దూరం కాబట్టి మనది ఆకుపచ్చే. ఎగరేయడానికి విడిగా అనుమతి అక్కర్లేదు. డ్రోన్‌కు యూఐఎన్ నంబరు, డబ్బులు తీసుకుని చేసే పని గనక పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే చాలు.

అయినా పోలీస్ స్టేషన్‌కు ఉత్తరం ఇస్తాను. ఎస్పీ స్థాయి అధికారి ఏ ప్రాంతాన్నైనా 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. ముఖ్యమంత్రి పర్యటన ఉందంటే నిన్నటి ఆకుపచ్చ ఇవాళ ఎరుపవుతుంది. అందుకే షూటింగ్ రోజు పొద్దున కూడా జోన్ల మ్యాప్ చూసుకోవాలి, స్టేషన్‌కు ఫోన్ చేయాలి. బజారు ఆపాలంటే పోలీసులతో పాటు మున్సిపాలిటీ కూడా సరే అనాలి.

అసలు కష్టం రిస్క్ షీట్‌లో ఉంది. చాలామంది పాత సినిమా షీటు తెరిచి ఊరి పేరు మార్చి, ప్రమాదానికి అయిదుకు రెండు, మూడు అని మార్కులు వేసేస్తారు. నేను మార్కులు చివర్లో వేస్తాను. ముందు ఒకటే అడుగుతాను: ఈ క్షణాన మోటార్లు ఆగితే ఇది ఎక్కడ పడుతుంది?

మా డ్రోన్ దాదాపు 900 గ్రాములు. 40 మీటర్ల నుంచి పడితే మూడు సెకన్లలోపే నేలమీద ఉంటుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతూ ఉంటే పడేలోపు మరో 14 మీటర్లు ముందుకు జరుగుతుంది. గాలి తోడైతే ఇంకా ఎక్కువ. అందుకే ఎంత ఎత్తో చుట్టూ అంత దూరం ఖాళీ ఉంచాలన్నది మోటు లెక్క. సన్నటి బజారులో 40 మీటర్ల ఖాళీ అంటే వీధి రెండు వైపులా ఇళ్లు కూడా వస్తాయి. వాటిని ఖాళీ చేయించలేం. కాబట్టి షాటే మారాలి: ఎత్తు 25 మీటర్లు, వేగం సెకనుకు 3 మీటర్లు, దారి ఇళ్ల మీదుగా కాకుండా కాలవ మీదుగా. అప్పుడు పడినా ముందుకు జరిగేది ఏడు మీటర్లే. కాలవగట్టు మీద రెండు చివర్లా మనుషుల్ని పెట్టి రాకపోకలు ఆపడం సాధ్యమే. హీరో నెత్తిమీంచి లేవడం కూడా పోయింది. పక్కనుంచి లేస్తుంది. డైరెక్టరు మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

సమయం కూడా ఇలాగే తేలింది. దగ్గర్లో చేపల అంగడి ఉంది, ఎండెక్కితే గద్దలు తిరుగుతాయి. డ్రోన్‌ను తన్నుకుపోవడానికి వస్తాయి కూడా. ఉదయం ఆరున్నరకల్లా దింపేస్తే గద్దలూ ఉండవు, జనమూ పలచన.

షీట్‌లో నేను ఎక్కువసేపు ఆగేది సిగ్నల్ పోయే గడి దగ్గర. సిగ్నల్ పోతే డ్రోన్ ముందే పెట్టిన ఎత్తుకు లేచి, బయల్దేరిన చోటికి తిరిగొస్తుంది. ఆ ఎత్తు ఎంత? బజారులో ఓ మేడ మీద సెల్ టవర్ ఉంది, దాని కొన నేలకు 35 మీటర్లు. మరి 50 పెట్టాలి. కేబుల్ తీగల కింద నుంచి టేకాఫ్ చేస్తే దిగేటప్పుడు ఆ తీగల్లోకే దిగుతుంది. సన్నటి తీగల్ని సెన్సర్లు పట్టలేవు. డాబా మీంచి లేపుదామా అంటే శ్లాబులోని ఇనుము దిక్సూచిని తికమక పెడుతుంది. చివరికి గట్టుమీద తీగలు లేని జాగా వెతికి, సున్నంతో వలయం గీశాం. గట్టు వెంబడి డాబాల వాళ్లకు ముందు రోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. పొద్దున్నే పైన తల ఆరబెట్టుకునే వాళ్లుంటారు మరి.

గడుల్లో ఎక్కడైనా ‘జాగ్రత్తగా ఉంటాం’ అని రాసి ఉంటే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే. ఎవరు, ఎక్కడ నిలబడి, ఏం చేస్తారో రాయాలి.

రాత్రి పదింటికి లొకేషన్ పంపి ‘పొద్దున్నే ఒక డ్రోన్ షాట్’ అనే ప్రొడక్షన్ మేనేజర్లకు ఒక మనవి. వారం ముందు పంపండి. తీగలు ఎక్కడున్నాయో, మనుషులు ఎక్కడ నిలబడాలో వెళ్లి చూసుకుని రావాలి.