నూట యాభై యూరోలు, నాలుగు చుక్కలు

ద్వారక సెక్టర్ 6లోని ఒక సొసైటీ. పై అంతస్తులో ఉండే తెలుగు ఇల్లాలు ఈ వారం ఒక రాత్రి చేతిలో ఫోనుతో ఈ కాలమిస్టు ఇంటికి దిగివచ్చింది. ఆమె కొడుకు ఫ్రాన్సులో, లియోన్‌లో చదువుకుంటున్నాడు. పై ఫ్లాట్‌లో పైపు పగిలి, అతని అద్దె గది సీలింగ్‌లోంచి నీళ్లు కారాయి. ఇన్సూరెన్స్ యాప్‌లో క్లెయిమ్ పెట్టి, ఆ స్క్రీన్‌షాట్‌ని తల్లికి వాట్సాప్ చేశాడు.

“అన్నయ్యగారూ, పదిహేను వేల యూరోలు మావాడే కట్టుకోవాలట. దాదాపు పదిహేను లక్షలు! పై వాళ్ల పైపు పగిలితే మావాడెందుకు కట్టాలి?”

తెర మీద ఉన్నది `Franchise : 150,00 €`. అంటే నూట యాభై యూరోలు. ఫ్రెంచివాళ్లు కామాను మనం దశాంశ బిందువు పెట్టే చోట పెడతారు. వేలను విడదీయడానికి ఖాళీ వదులుతారు. `1 240,00 €` అని కనిపిస్తే అది వెయ్యిన్నీ రెండు వందల నలభై. కామా తర్వాతి రెండంకెలను వేలితో మూసి చదివితే సరిపోతుంది. వేలు పెట్టి చూపించాక ఆమె కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు ఈ పాట కొత్త కాదు. తెలియని భాషలో కాగితం వస్తే ముందు అంకెలు, తర్వాత తేదీలు, ఆఖరున మాటలు చదవాలని కాలమిస్టు ఎన్నోసార్లు రాశాడు. ఆ స్క్రీన్‌షాట్‌ని కూడా అదే వరసలో చదివాడు.

ముందుగా రెండు పొడుగాటి నంబర్లు. `N° de contrat` పక్కన ఉన్నది పాలసీ నంబరు. అది పాలసీ ఉన్నన్నాళ్లూ ఉండేదే. `N° de sinistre` పక్కన ఉన్నది ఈ ఒక్క నష్టానికి ఇచ్చిన క్లెయిమ్ నంబరు. కుర్రాడు కంపెనీకి రాసిన ఈ-మెయిల్‌లో పాలసీ నంబరు మాత్రమే పెట్టాడట. క్లెయిమ్ నంబరు లేని ఉత్తరం ఆ ఫైల్లోకి చేరడానికి ఆలస్యమవుతుంది. సబ్జెక్టు లైన్లోనే అది ఉండాలి.

తర్వాత తేదీ. ఫ్రాన్సులోనూ మనలాగే రోజు, నెల, సంవత్సరం వరసే కాబట్టి గొడవ లేదు. నష్టం తెలిసిన దగ్గర్నుంచి ఇలాంటి వాటికి కనీసం ఐదు పనిదినాల గడువు ఉంటుంది. దొంగతనమైతే రెండే. అబ్బాయి మూడో రోజునే యాప్‌లో చెప్పాడు.

ఇక ఆ నూట యాభై. మన కారు ఇన్సూరెన్స్‌లో కంపల్సరీ డిడక్టిబుల్ అని ఉంటుంది చూడండి, ఇదీ అదే. దాన్ని ఎవరూ వెళ్లి కట్టక్కర్లేదు, వచ్చే డబ్బులో కోసుకుంటారు. ఉదాహరణకు పరుపు మూడు వందల యూరోలు, పుస్తకాల అల్మరా నూట ఇరవై అనుకుందాం. మొత్తం 420. వాడిన వస్తువులు గనక అరుగుదల కింద 90 తీస్తే 330 మిగిలింది. అందులో 150 పోతే చేతికొచ్చేది 180. నష్టం 140 యూరోలే అయితే క్లెయిమ్ పెట్టినా పైసా రాదు. పై వాళ్ల తప్పుకి తన కంపెనీ ఎందుకన్నదానికీ జవాబుంది. ఫ్లాట్ నుంచి ఫ్లాట్‌కి నీళ్లు కారిన కేసుల్లో ఫ్రెంచి ఇన్సూరెన్స్ కంపెనీలు తమలో తాము ఒక ఒప్పందం చేసుకున్నాయి. 2018 జూన్ 1 నుంచి అది అమల్లో ఉంది. పన్నులు కాకుండా 5,000 యూరోల లోపు నష్టాలకు, మామూలుగా నష్టపోయిన ఇంట్లో ఉన్నవాళ్ల కంపెనీయే ఫైలు చూస్తుంది.

ఫోటోల దగ్గరికి వచ్చేసరికి కాలమిస్టుకి విశాఖ గుర్తొచ్చింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఆయన బాబాయి ఎం.వి.పి. కాలనీలో ఉండేవాడు. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు చచ్చిపోయాయి. వీధంతా విరిగిన చెట్లు. చుట్టుపక్కలవాళ్లు తడిసిన సామాను వీధి చివర పోగు పెడుతుంటే బాబాయి ఒక్కటీ పారెయ్యనివ్వలేదు. “సర్వేయరు వచ్చి చూడాల్రా. చూడని వస్తువు పోయినట్టు లెక్క కాదు,” అన్నాడు. టీవీ, మిక్సీ, పగిలిన కిటికీ అద్దాలు, నీళ్లు తాగి ఉబ్బిన బీరువా తలుపు, అన్నిటి మీదా సుద్దముక్కతో నంబర్లు వేశాడు. అవే నంబర్లు ఒక నోట్‌బుక్‌లో ఎక్కించి ఎదురుగా కొన్న ఏడాది, ఖరీదు రాశాడు. పక్కింటాయన దగ్గర పాత కెమెరా ఉంటే దానితో ముందు గది మొత్తం, తర్వాత వస్తువు, తర్వాత దాని వెనకున్న కంపెనీ చీటీ తీయించాడు. పిన్ని ఆ కంపు భరించలేక పోట్లాడింది. వచ్చిన సర్వేయరు ఆ నోట్‌బుక్ పట్టుకుని వరసగా నంబర్లు చూసుకుంటూ వెళ్లిపోయాడు. అడగాల్సిన ప్రశ్నలు పెద్దగా మిగల్లేదు.

లియోన్‌లోని యాప్ అడిగేదీ అదే. `Ajouter des photos` అన్న బొత్తాం కింద సన్నని అక్షరాల్లో `5 Mo max` అని ఉంది. అది మన ఎంబీయే. ఒక్కో ఫోటో ఐదు ఎంబీలకు మించకూడదు. కుర్రాడు ఫోటోలన్నీ ముందు తల్లికి వాట్సాప్ చేసి, ఆమె బాగున్నాయన్నవే తిరిగి తీసుకుని యాప్‌లో పెట్టాడు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ పలచబడుతుంది, ఎప్పుడు తీశారో చెప్పే వివరం కూడా పోతుంది. ఫోన్ గ్యాలరీలోని అసలు ఫోటోలే ఎక్కించాలి. పరుపు పారేశాడా అని అడిగితే లేదంది. అదే నయం. ఎక్స్‌పర్ట్ వచ్చి చూసేదాకానో, వద్దని కంపెనీ రాసిచ్చేదాకానో అది ఆ గదిలోనే ఉండాలి.

ఇంతవరకు అంకెల సిద్ధాంతం చక్కగా నడిచింది. స్క్రీన్‌షాట్ అడుగున నాలుగు చుక్కలున్నాయి. క్లెయిమ్ అందింది, పరిశీలన, నష్టపరిహారం, ముగింపు. మొదటి రెండూ ఆకుపచ్చ. “సగం అయిపోయినట్టే కదా అన్నయ్యగారూ,” అని ఆమె లేవబోయింది. కాలమిస్టు కూడా అలాగే అనుకోవాలి, అంకెలనే నమ్మితే. రెండో చుక్క కింద బూడిదరంగులో ఒక్క చిన్న వాక్యం ఉంది: `En attente de pièces`. కాగితాల కోసం ఎదురుచూస్తున్నాం అని. అంటే కంపెనీ పని చెయ్యడం లేదు, కుర్రాడి కోసం ఆగి ఉంది. పరుపు బిల్లు పెట్టలేదు. నీళ్లు కారిన వైనం రాసి పై ఫ్లాట్ మనిషితో సంతకం పెట్టించాల్సిన ఫారం పెట్టలేదు. ఆ ఆకుపచ్చను చూసి పదిరోజులు హాయిగా కూర్చున్నాడు.

ఆ తెర మీద అన్నిటికంటే విలువైన వాక్యంలో ఒక్క అంకె కూడా లేదు. కాబట్టి కాలమిస్టు తన వరసను ఇక్కడ మారుస్తున్నాడు. క్లెయిమ్ తెరను అడుగు నుంచి పైకి చదవాలి: బంతి ఎవరి చేతిలో ఉందో చెప్పే మాట ముందు, డబ్బు తర్వాత. చుక్కల రంగులు ఒక్కో యాప్‌లో ఒక్కోలా ఉంటాయి. కొన్నిటిలో నిండిన చుక్క ఆ దశ పూర్తయిందని చెబితే, కొన్నిటిలో ఇప్పుడే ఆ దశలోకి వచ్చిందని చెబుతుంది. చివరి చుక్క `Clôturé` కూడా డబ్బు వచ్చిందనడానికి రుజువు కాదు. కాగితాలు రానందుకూ ఫైలు మూసెయ్యొచ్చు. అప్పుడు క్లెయిమ్ నంబరు వేసి, రిజిస్టర్డ్ ఉత్తరంతో తిరిగి తెరవమని అడగాలి. ఫ్రెంచి చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ ఒప్పందం మీద హక్కు అడగడానికి సాధారణంగా రెండేళ్ల గడువుంది. అలాంటి ఉత్తరం రాస్తే ఆ గడువు మళ్లీ మొదటినుంచి లెక్కలోకొస్తుంది.

పిల్లల్ని విదేశాలకు పంపిన ద్వారక తల్లిదండ్రులకు ఒక మనవి. స్క్రీన్‌షాట్ వస్తే “ఎంత?” అని అడక్కండి. “వాళ్లు నీ దగ్గర ఏం కాగితం అడిగారు, ఎప్పుడు పంపుతున్నావు?” అని అడగండి.