సీలు చెదరని పెట్టెలో తడిసిన మిర్చి

గుంటూరు మిర్చి ఎగుమతిదారు ఒకరు తన ఫ్రైట్ ఫార్వర్డర్‌కు రాసిన క్లెయిమ్ ఉత్తరం ఇది. రెండున్నర పేజీలే. పేర్లు తీసేసి దాని గురించి రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. సరుకు నష్టాల కాగితాలు చదవడం నా వృత్తి. ఇంత పొందికగా రాసిన ఉత్తరాలు అరుదుగా కనిపిస్తాయి.

సంగతి ఇది. 25 కిలోల గోనె బస్తాలు 560, అన్నీ తేజ రకం ఎండుమిర్చి. గుంటూరు దగ్గర గోడౌన్‌లోనే నలభై అడుగుల కంటైనర్‌కు ఎత్తి, సీలు వేసి, లారీ మీద చెన్నై రేవుకు, అక్కడి నుంచి ఓడలో మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌కు పంపారు. జూన్ 14న కొనుగోలుదారు కంటైనర్ తీసుకున్నారు. 16న తలుపు తెరిస్తే సీలు చెక్కుచెదరలేదు గానీ, లోపల 62 బస్తాలు తడిసి బూజు పట్టి ఉన్నాయి.

ఇలాంటి కేసులో ఫార్వర్డర్ ఏమంటాడో ముందే చెప్పొచ్చు. ‘సరుకు ఎత్తింది మీరు, లెక్కపెట్టింది మీరు, సీలు వేసింది మీరు. వేసిన సీలు వేసినట్టే ఉంది. లోపల జరిగినదానికి మేమెలా బాధ్యులం?’ బిల్ ఆఫ్ లేడింగ్ మీద ‘షిప్పర్స్ లోడ్, స్టో అండ్ కౌంట్’ అన్న ముద్ర కూడా ఉంటుంది. చాలామంది ఎగుమతిదారులు ఇక్కడే తడబడి, ఏళ్ల తరబడి మీకు వ్యాపారం ఇస్తున్నాం కదా అని మొరపెట్టుకుంటారు. ఈ ఉత్తరంలో మొర అన్నది లేదు.

మొదటి పేరాలోనే ఆయన ఎదుటివాడి స్థానాన్ని ఖాయం చేశారు. ఫార్వర్డర్ కేవలం ఏజెంటుగా ఓడ కంపెనీలో చోటు బుక్ చేసి ఉంటే బాధ్యత వేరుగా ఉండేది. ఇక్కడ అతను గోడౌన్ నుంచి పోర్ట్ క్లాంగ్ వరకు సొంత రవాణా పత్రం ఇచ్చాడు, అడుగున ‘క్యారియర్‌గా’ అని సంతకం చేశాడు. ఆ పత్రం నంబరు, సంతకం ఉన్న గడి, రెండూ ఉత్తరంలో ఉన్నాయి. రోడ్డు, సముద్రం రెండూ కలిసిన ప్రయాణం కాబట్టి 1993 నాటి మల్టీమోడల్ రవాణా చట్టం వర్తిస్తుందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగారు.

రెండో పేరా ఇంకా తెలివైనది. అమ్మకం సి.ఐ.ఎఫ్. పద్ధతిలో జరిగింది. అంటే చెన్నైలో సరుకు ఓడెక్కిన క్షణం నుంచి నష్టభయం కొనుగోలుదారుది. మరి ఎగుమతిదారు ఏ హక్కుతో అడుగుతున్నారు? ఈ ప్రశ్న రాకముందే జవాబు చెప్పారు. కొనుగోలుదారుకు క్రెడిట్ నోట్ ఇచ్చి, క్లెయిమ్ హక్కును రాతపూర్వకంగా తన పేరుకు బదిలీ చేయించుకుని, ఆ కాగితాన్ని జతపరిచారు. బీమా ఉంది కదా అంటారేమోనని అది కూడా చెప్పారు. సి.ఐ.ఎఫ్. కింద అమ్మేవాడు తీసుకోవాల్సిన కనీస బీమా ‘క్లాజ్ సి’. అందులో వాననీటి తడుపుకు రక్షణ లేదు.

ఇక అసలు పనితనం సీలు దగ్గర ఉంది. ఎదుటివాడి వాదనకు ఆధారమైన సీలునే ఆయన తన సాక్షిగా మలుచుకున్నారు. బోల్ట్ సీలు నంబరు రవాణా పత్రంలో ఎంత ఉందో, పోర్ట్ క్లాంగ్‌లో కోసినప్పుడు తీసిన ఫొటోలోనూ అంతే ఉంది. కాబట్టి దారిలో తలుపు ఎవరూ తెరవలేదు. తలుపు రబ్బరు పట్టీలు పొడిగా ఉన్నాయి, తలుపు వైపు బస్తాలూ పొడిగానే ఉన్నాయి. తడిసిన 62 బస్తాలు తలుపుకు ఎదురుగా ఉన్న ముందు గోడ దగ్గర, కుడి మూల పై వరసల్లో ఒకేచోట ఉన్నాయి. బస్తాల మీద కప్పిన క్రాఫ్ట్ కాగితం మీద కూడా అక్కడే గోధుమరంగు మరక వలయాలుగా ఆరింది.

కంటైనర్ ఖాళీ చేశాక సర్వేయర్ లోపల నిలబడి తలుపులు మూయించాడు. ఆ మూలన కప్పులోంచి పగటి వెలుతురు పడింది. బొటనవేలంత చీలిక. దాని అంచులు లోపలికి వంగి ఉన్నాయి. ఉత్తరం ఈ ఒక్క వివరం దగ్గర ఆగి, అవసరమైనంత స్థలం ఇస్తుంది. లోపల సరుకు పేర్చేటప్పుడు ఏదైనా తగిలితే రేకు బయటికి ఉబ్బుతుంది. లోపలికి వంగిందంటే దెబ్బ పైనుంచి పడింది. రేవులో కంటైనర్లను ఎత్తే క్రేను పట్టు మూల గుంటలో సరిగా కూర్చోక పక్కన రేకు మీద పడితే సరిగ్గా ఇలాంటి గాయమే అవుతుంది. చీలిక అంచున రంగు రాలిన చోట తుప్పు పలుచగానే ఉంది, అంటే పాత గాయం కాదు. అయినా ఆయన అంతటితో తృప్తిపడలేదు. సరుకు ఎత్తక ముందు ఖాళీ కంటైనర్‌లోకి మనిషిని పంపి తలుపులు మూసి చేసిన వెలుతురు పరీక్ష కాగితం, కప్పు ఫొటోలు జతచేశారు. చెన్నై రేవు గేటు దగ్గర ఇచ్చిన రసీదులో ఏ లోపమూ రాయలేదు. పోర్ట్ క్లాంగ్ గేటు రసీదులో ‘కప్పు ముందు కుడి మూల సొట్ట’ అని ఉంది.

మిగిలింది చెమట వాదన. వేడిగా బయలుదేరిన కంటైనర్ చల్లబడితే లోపలి తేమ కప్పుకు పట్టి చుక్కలుగా రాలుతుంది, మిర్చిలోనే తేమ ఎక్కువుందని ఫార్వర్డర్ అనవచ్చు. దీనికి ఆయన జవాబు రెండు అంకెలు. ఎత్తేటప్పుడు తేమ 10.5 శాతం. చేరాక పొడిగా ఉన్న 498 బస్తాల్లోంచి తీసిన నమూనాల్లో 10.8 శాతం. చెమటే అయితే పై వరస అంతటా మరకలు ఉండాలి, ఒక మూలన కాదు. సర్వేయర్ తడి గోనె మీద సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేశాడు. ఉప్పునీరైతే పాలలా తెల్లబడుతుంది. తెల్లబడలేదు. కనుక అది సముద్రపు నీరు కాదు, బహుశా వాన. వాన ఏ యార్డులో పడిందో ఉత్తరం చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. సరుకు తన చేతికి వచ్చిన దగ్గర్నుంచి అప్పగించేదాకా మధ్యలో జరిగిన నష్టానికి రవాణాదారే బాధ్యుడు. ఊహలు చేసి అనవసరపు గొడవ తెచ్చుకోకుండా అక్కడే ఆగడం నాకు బాగా నచ్చింది.

డబ్బు లెక్కలోనూ అదే నిగ్రహం. తడిసిన 1,550 కిలోలకు ఇన్వాయిస్ ధర కిలో 2.40 డాలర్ల చొప్పున 3,720. పైన మాత్రమే తడిసిన 18 బస్తాలను ఆరబెట్టి వేరే పనికి అమ్మగా వచ్చిన 450 తీసేశారు. సర్వేయర్ రుసుము 350, బూజుపట్టిన 44 బస్తాలను నాశనం చేయించిన ఖర్చు 180 కలిపారు. మొత్తం 3,800 డాలర్లు. పోయిన లాభం, చెడిన పేరు అంటూ ఒక్క డాలరూ కలపలేదు. ఎక్కడ జరిగిందో తెలియని నష్టానికి చట్టం పెట్టిన పరిమితి కిలోకు 2 ఎస్.డి.ఆర్. లేదా ప్యాకేజీకి 666.67 ఎస్.డి.ఆర్., రెండింటిలో ఏది ఎక్కువైతే అది. రవాణా పత్రంలో 560 బస్తాలని రాసి ఉంది కాబట్టి ఒక్కో బస్తా ఒక్కో ప్యాకేజీ. అడిగిన మొత్తం ఆ పరిమితిలో చిన్న భాగమేనని ఒక్క వరుసలో చూపించారు. ఆ పత్రంలో ‘ఒక కంటైనర్’ అని మాత్రమే ఉంటే ఈ లెక్క ఇంత తేలిగ్గా తేలేది కాదు.

చివరి పేరా తేదీలది. పైకి కనపడని నష్టానికి సరుకు అప్పగించాక 6 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి, జూన్ 17నే ఇచ్చారు. దావా వేయడానికి గడువు 9 నెలలు, అంటే వచ్చే మార్చి నడిమి వరకే. 30 రోజుల్లో జవాబివ్వండి, ఇంకా విచారించాలంటే గడువు పొడిగింపును రాతపూర్వకంగా ఇవ్వండి అని అడిగారు. మాట నమ్మి గడువు దాటనిచ్చిన ఎన్నో మంచి క్లెయిములు పోవడం చూశాను. ఈయన మాత్రం పొడిగింపు పత్రం నమూనాను తానే రాసి, సంతకానికి చోటు వదిలి, ఆఖరి జతపత్రంగా పెట్టారు.