వేలిముద్ర దేనికి వేసినట్టు?

2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం రైతు బీమా, కంటి వెలుగు పథకాల గురించి పత్రికల్లో ప్రకటనలు ఇచ్చింది. రెండింట్లోనూ ఒకే మహిళ. పక్కన భర్త స్థానంలో మాత్రం వేరువేరు మగవాళ్లు. ఆమెది మా ఖమ్మానికి పొరుగునున్న కోదాడ ప్రాంతం. ఎప్పుడో తీసిన ఫొటో అలా వాడుకుంటారని ఆ కుటుంబానికి తెలియదు. నలుగురిలో తలెత్తుకోలేని పరిస్థితి ఆ ఇల్లాలికి వచ్చింది.

మన దేశంలో మోడల్ రిలీజ్ తప్పనిసరి అని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. కానీ ఒకరి రూపాన్ని అనుమతి లేకుండా ప్రకటనకు వాడితే వారి గోప్యతకు భంగమేనని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫొటో మీద కాపీరైట్ తీసినవాడిదే కావచ్చు. అందులోని ముఖం మాత్రం అతనిది కాదు.

భద్రాచలం అడవి అంచున ఈ మాటకు బరువు ఇంకా ఎక్కువ. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గూడేలు కట్టుకున్న గుత్తికోయల ఫొటో పోడు పొలంలో తీస్తే, అది వార్తకు బొమ్మ మాత్రమే కాదు, ఆ మనిషి అక్కడ సాగు చేస్తున్నాడనడానికి ఆధారం కూడా. ఆ సంగతి ముందే చెప్పకుండా తీసుకున్న ఒప్పుకోలు నా దృష్టిలో ఒప్పుకోలు కాదు.

అందుకే నేను అనుమతి కాగితం చదివించేది ఆ గూడెం కుర్రాడి చేతే, కోయ భాషలోనే. నా వెంట వచ్చిన సంస్థ ఉద్యోగి చదివితే, అతని ఎదుట వద్దని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? వార్తకా, సంస్థ నివేదికకా, ప్రకటనకా అన్నది విడివిడిగా అడగాలి. ఒకదానికి సరే అంటే మిగతావాటికీ సరే అన్నట్టు కాదు. పిల్లలైతే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. వేలిముద్ర పక్కన ఆ ఫొటో చిన్న ప్రింటు అంటించాలి. లేకపోతే ఏ ఫొటోకి వేసిన ముద్రో రేపు ఎవరూ చెప్పలేరు.

అసలు చిక్కు ఆ తర్వాతే. కాగితం నా బీరువాలో ఉంటుంది, ఫొటో ఆఫీసు సర్వర్లోకి వెళ్తుంది. ఏళ్ల తర్వాత దాన్ని తీసేవాడికి ఆ షరతులు తెలియవు. ఫైల్లోనే ఐపీటీసీ సమాచారంలో Model Release Status అనే గడి ఉంటుంది. అనుమతి పత్రం లేకపోతే అక్కడ None అని నింపాలి, వివరణలో ‘వార్తకు మాత్రమే’ అని తెలుగులో రాయాలి.

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో అటవీ రేంజ్ అధికారి శ్రీనివాసరావు హత్యకు గురయ్యారు. అలాంటి వార్త పక్కన, ఎప్పుడో పండగలో ఆడిన ఒక గుత్తికోయ ముఖం పెడితే చదివేవాళ్లు అతన్నే హంతకుడనుకుంటారు. డెస్కు మిత్రులకు నా విన్నపం ఒక్కటే: గుర్తుపట్టగలిగే ముఖాన్ని ఫైల్ ఫొటోగా వాడకండి. అడవి బొమ్మ చాలు.