కొమ్ము దగ్గర ఆగిన స్క్రిప్ట్

“నా లాప్‌టాప్‌లో మంచిగనే నడిచింది సార్. సరిచేసి మళ్లీ పంపిస్తున్న, చూడండి.” కురవిలో ఇంటి నుంచే ఫ్రీలాన్స్ పనులు చేసుకునే ఒక తమ్ముడు క్లయింటుకు పంపబోయిన జవాబు ఇది. పంపేముందు నాకు చూపించి, “ఇంతకన్నా ఏం రాయాలె అన్నా?” అని అడిగాడు. రాయాల్సింది చాలానే ఉంది. ఈ జవాబులో పని ఎందుకు ఆగిందో లేదు, ఏం మార్చాడో లేదు. ఇంతకుముందు వచ్చిన లెక్కల్ని నమ్మాలో వద్దో అసలే లేదు.

క్లయింటుది మానుకోటలో మిర్చి కొనే దుకాణం. ఏ ఊరి నుంచి ఎన్ని బస్తాలు వచ్చాయో గుమాస్తా గూగుల్ షీట్‌లో తెలుగులోనే రాసుకుంటాడు. దాన్ని సీఎస్‌వీ ఫైలుగా దించుకుంటే, ఊరివారీగా కూడి మరో ఫైలు ఇచ్చే చిన్న పైథాన్ స్క్రిప్ట్ మనవాడు రాసిచ్చాడు. నమూనా ఫైలుతో దుకాణం కంప్యూటర్‌లో కూడా నడిచింది. అసలు ఫైలు పెట్టగానే ఇలా ఆగింది:

```
UnicodeDecodeError: 'charmap' codec can't decode
byte 0x81 in position 56: character maps to <undefined>
```

నమూనాతో నడిచి, అసలుతో ఎందుకు ఆగింది? జవాబు సందేశంలోనే ఉంది. ఆగిన ఫైలు మొదటి వరుసలు చూద్దాం:

```
village,bags
నేరడ,42
బలపాల,31
కురవి,58
```

గూగుల్ షీట్ ఈ ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో ఇస్తుంది. అందులో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది. ఇంగ్లిషు అక్షరాలకు, అంకెలకు ఒక్కొక్కటి, ప్రతి వరుస చివర రెండు. సున్నా నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ‘కురవి’లో ‘క’ 51 దగ్గర మొదలవుతుంది. దాని వెనకాల వచ్చే కొమ్ము 54, 55, 56. ఆ మూడో బైటే 0x81. అంటే స్క్రిప్ట్ సరిగ్గా ‘కు’ కొమ్ము మీద ఆగింది.

తమ్ముడిది ఉబుంటు. అక్కడ పైథాన్ ఏ ఫైలునైనా యూటీఎఫ్-8 అనుకునే చదువుతుంది. దుకాణంలో ఉన్నది విండోస్. ఏ పద్ధతిలో చదవాలో చెప్పకపోతే పైథాన్ అక్కడ పాత విండోస్-1252 పట్టికను వాడుతుంది. పడమటి యూరప్ భాషల కోసం చేసిన ఆ పట్టికలో ఒక్కో బైటుకు ఒక్కో అక్షరం ఉంటుంది, కానీ ఐదు గళ్లు ఖాళీ. తెలుగులో కొమ్ము మూడో బైటు ఆ ఖాళీల్లో ఒకటి. ఒత్తులు రాయడానికి తప్పనిసరైన పొల్లు మూడో బైటు ఇంకొకటి. ఏ, ఐ, ఝ మిగతా మూడు. కొమ్మూ ఒత్తూ లేకుండా తెలుగులో ఎంతసేపని రాయగలం? డోర్నకల్, సీరోలు, గుండ్రాతిమడుగు, ఏదీ దాటదు.

నమూనా ఫైలులో నేరడ, బలపాల మాత్రమే ఉన్నాయి. రెండింటిలోనూ కొమ్ము లేదు, పొల్లు లేదు. పైథాన్ వాటిని తప్పుగానే చదివింది, ఏవో యూరప్ అక్షరాలనుకుంది. రాసేటప్పుడు కూడా అదే పట్టిక వాడింది కాబట్టి ఆ బైట్లు ఉన్నవి ఉన్నట్టు తిరిగొచ్చాయి. ఫలితాన్ని మళ్లీ గూగుల్ షీట్‌లో ఎక్కిస్తే ఊరి పేరు శుభ్రంగా కనిపించింది. చదవడం తప్పైనా ఫలితం ఒప్పైంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఇది తెలిశాక తమ్ముడు ఒక చిట్కా చెప్పాడు. `errors="ignore"` అని పెడితే చదవలేని బైటును వదిలేసి ముందుకు పోతుంది, ఎర్రర్ రాదు. ఎర్రర్ రాదు నిజమే, కానీ లెక్క చెడుతుంది. ‘రాము’, ‘రామ్’ పేర్లు తీసుకోండి. రెండింటికీ తేడా చివరి బైటు ఒక్కటే: ఒకదానికి 0x81, ఇంకోదానికి 0x8D. రెండూ ఖాళీ గళ్లే. రెండూ రాలిపోతే మిగిలేది ఒకే పేరు. రేపు ఇదే స్క్రిప్ట్‌తో రైతులవారీ లెక్క తీస్తే రాము బస్తాలు, రామ్ బస్తాలు ఒకే ఖాతాలో పడతాయి. ఆగిపోయిన స్క్రిప్ట్‌ను ఆ పూటే గమనిస్తారు. ఇలా కలిసిపోయిన లెక్క డబ్బులిచ్చే రోజుదాకా బయటపడదు.

సరైన మార్పు రెండు లైన్లలోనే ఉంది:

```
open(src, encoding="utf-8-sig", newline="")
open(out, "w", encoding="utf-8-sig", newline="")
```

చివరి `-sig` ఊరికే పెట్టింది కాదు. కొన్ని ఫైళ్ల మొదట్లో ‘ఇది యూటీఎఫ్-8’ అని చెప్పే మూడు బైట్ల గుర్తు ఉంటుంది. చదివేటప్పుడు అది ఉన్నా లేకున్నా ఈ పద్ధతి సర్దుకుంటుంది. రాసేటప్పుడు ఆ గుర్తు తానే పెడుతుంది కాబట్టి ఫలితాన్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. ఇలా పద్ధతి చెప్పకుండా వదిలేసిన చోట్లు ఇంకా ఉన్నాయేమో చూడటానికి పైథాన్ 3.10 నుంచి `python -X warn_default_encoding` అనే మార్గం ఉంది. అలాంటి ప్రతిచోటా అది హెచ్చరిస్తుంది. తన ఉబుంటులోనే ఆ ఎర్రర్ మళ్లీ రప్పించాలంటే పాత స్క్రిప్ట్‌లో `encoding="cp1252"` అని పెడితే చాలు. ముందు ఎర్రర్‌ను కళ్లతో చూసి, తర్వాత మార్పుతో అది పోయిందని చూస్తేనే ‘సరైంది’ అనే మాటకు ఆధారం.

చివరికి వెళ్లిన జవాబు ఇది:

“నమస్తే సార్. మీ ఫైలులో తప్పేం లేదు. తెలుగు ఫైలును ఏ పద్ధతిలో చదవాలో స్క్రిప్ట్‌లో నేను రాయలేదు. అందుకే మీ విండోస్‌లో ‘కురవి’ పేరులోని కొమ్ము దగ్గర ఆగింది. నమూనా ఫైలులో కొమ్ము, ఒత్తు ఉన్న పేర్లు లేవు కాబట్టి అప్పుడు బయటపడలేదు. ఆ నమూనా లెక్క సరైనదే, మళ్లీ తీయనక్కర్లేదు. స్క్రిప్ట్ అంతా చదివాకే ఫలితం రాస్తుంది. కాబట్టి ఆగినప్పుడు సగం లెక్కతో ఫైలు ఏదీ తయారు కాలేదు.

“చదివేచోట, రాసేచోట పద్ధతి స్పష్టంగా రాశాను. కూడే లెక్కను ముట్టుకోలేదు. మీరు చూసుకోవడానికి: షీట్‌లో బస్తాల మొత్తం, ఫలితంలో అన్ని ఊర్ల మొత్తం ఒకటే రావాలి. కురవి, డోర్నకల్ పేర్లు సరిగ్గా కనబడాలి.

“ఒక జాగ్రత్త. ఎక్సెల్‌లో మామూలు ‘CSV’గా సేవ్ చేస్తే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి. వాటిని ఏ స్క్రిప్ట్ వెనక్కి తేలేదు. ‘CSV UTF-8’ అనేదే ఎంచుకోండి. ఊరి పేరులో ప్రశ్నార్థకం కనిపిస్తే ఏ వరుసలో ఉందో చెప్పి ఆగేలా పెట్టాను.

“ఈ మార్పులకు డబ్బులేం వద్దు. సీరోలు అని ఒకసారి, సీరోల్ అని ఒకసారి రాస్తే స్క్రిప్ట్ రెండు ఊర్లుగానే లెక్కిస్తుంది. వాటిని ఒకటి చేయడం కొత్త పని. కావాలంటే ఊర్ల జాబితా పంపండి, ఎంతవుతుందో చెప్తాను.”

చివరి పేరా రాయడానికి తమ్ముడు వెనకాడాడు. పని ఆగిన చోట కొత్త పని సంగతి ఎత్తితే బాగుండదేమో అన్నాడు. ఎత్తకపోతే రేపు సీరోలు రెండు వరుసల్లో కనిపించినప్పుడు అదీ ఇదే తప్పు కింద జమవుతుంది. స్క్రిప్ట్ ఏం చేయదో చెప్పకుండా వదిలితే ఏం సరిచేశామో చెప్పిన మాటా నిలవదు. ఆ పేరా ఉంచే పంపాడు.